ట్రిప్పు పుస్తకంలో నడుము కొలత: ఒక లారీ డ్రైవరు 20 వారాల లెక్క

మాది రణస్థలం దగ్గర ఊరు. నాకు 43 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు. పది చక్రాల బండి నడుపుతాను. పైడిభీమవరం వైపు సరుకెత్తుకుని ఇచ్ఛాపురం మీదుగా కోల్‌కతా దాకా వెళ్తాను. పోవడమే ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. లోడింగ్ గేట్ల దగ్గర పడిగాపులు కలిపితే రానూపోనూ ఆరు రోజులు పడుతుంది. నెలకు మూడు ట్రిప్పులంటే 18 రోజులు రోడ్డు మీద, మిగతావి ఇంటి దగ్గర.

జూన్ మొదటి వారంలో పరగడుపున రక్త పరీక్ష చేయిస్తే షుగరు 112 వచ్చింది. 100 నుంచి 125 మధ్య ఉంటే షుగరు జబ్బు ఇంకా రానట్టే, కానీ గుమ్మంలో నిలబడినట్టు. డాక్టరు దగ్గర పొట్ట తగ్గించమన్నారు. ఎలాగో చెప్పే తీరిక వాళ్లకు లేదు. డీజిల్, టోలు లెక్కలు రాసే ట్రిప్పు పుస్తకంలోనే వెనక పేజీల నుంచి ఈ లెక్క మొదలుపెట్టాను. నాలాగే సీటు మీద బతికేవాళ్లు నేను చేసిన తప్పులు మళ్లీ చేయకూడదని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

దశ 1: కొలతలే తప్పు (వారాలు 1–3)

మొదటి మూడు వారాలు వృథా అయ్యాయి. బరువు తగ్గకపోవడం వల్ల కాదు, తగ్గిందో లేదో తెలియకపోవడం వల్ల.

ట్రిప్పుకు బయల్దేరే ముందు 91.6 కేజీలు. ఆరు రోజులు టీలు తగ్గించి, రాత్రి అన్నం సగం చేసి ఇంటికొచ్చి కాటా ఎక్కితే 93.2. ఆ రోజు నాకొచ్చిన కోపానికి కాటాను బయట పారేయాల్సింది. రెండు రోజులు ఇంట్లో తిని పడుకున్నాక చూస్తే మళ్లీ 91.5. ఏం తగ్గించినట్టు, ఏం పెరిగినట్టు?

తర్వాత అర్థమైంది. ధాబా కూరల్లో ఉప్పు ఎక్కువ, ఆ ఉప్పు ఒంట్లో నీళ్లు పట్టి ఉంచుతుంది. దానికి తోడు రోజుకు పది పన్నెండు గంటలు కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటాం. ట్రిప్పు దిగిన రోజు చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి కాసేపటికి గానీ నిండదు. (నాది రెండో రోజుకల్లా పోయింది. పోకుండా ఉంటే డాక్టరుకు చూపించాల్సిన విషయం.) అలా చేరిన కేజీన్నర నీళ్లే, కొవ్వు కాదు. ఒక కేజీ కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. ఆరు రోజుల్లో కేజీన్నర కొవ్వు చేరాలంటే రోజూ తినే తిండి కాక ఇంకో మనిషి తిండి కూడా నేనే తినాలి.

కాటాతోనూ గొడవే. వరండా గచ్చు మీద పెడితే ఒక అంకె, హాల్లో టైల్స్ మీద పెడితే 1.2 కేజీ తేడా. గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటే ఈ చిన్న కాటాలు సరిగ్గా చూపించవు. వేబ్రిడ్జి మీద పది కేజీలు అటూఇటూ అయినా మనకు పట్టదు కానీ, ఇక్కడ అరకేజీ కోసం రెండు వారాలు కష్టపడుతున్నాం.

నడుము కొలిచే టేపు ఇంకా ఘోరం. మా ఆవిడ కుట్టుమిషను దగ్గరి గుడ్డ టేపు వాడాను. అనుమానం వచ్చి వడ్రంగి ఇనుప టేపు పక్కన పరిచి చూస్తే మీటరు దగ్గర సెంటీమీటరున్నర సాగిపోయి ఉంది. పైగా ఒకసారి బొడ్డు మీద, ఒకసారి ప్యాంటు కట్టే చోట కొలిచాను. పొట్ట కిందికి జారిన మనిషికి ప్యాంటు నడుము వేరు, అసలు నడుము వేరు. పదేళ్లుగా 36 సైజు ప్యాంటే వేస్తున్నానని మురిసిపోయేవాణ్ణి. ప్యాంటు పొట్ట కిందికి దిగిపోయింది, అంతే.

మూడో వారం నుంచి మార్చిన పద్ధతి ఇది:

1. ట్రిప్పు దిగిన మూడో రోజు పొద్దున, దొడ్డికి వెళ్లొచ్చాక, టీ తాగకముందు.
2. కాటా హాల్లో ఒకే టైలు మీద. టైలుకు మూల దగ్గర పెన్సిల్ గుర్తు పెట్టాను.
3. టేపు కొత్తది, సాగనిది. పక్కన కింది పక్కటెముక అంచు ఎక్కడో, తుంటి ఎముక పైభాగం ఎక్కడో వేలితో తడిమి, రెండింటికీ సరిగ్గా మధ్య కొలవాలి.
4. మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు.
5. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాయాలి.

*మూడో వారం, అసలు మొదలు: బరువు 91.4, నడుము 108. మన దేశంలో మగవాళ్లకు నడుము 90 లోపు ఉండాలంటారు.*

దశ 2: టీ (వారాలు 4–7)

ఒక ట్రిప్పంతా తాగిన ప్రతి టీకి పుస్తకంలో గీత పెట్టాను. రోజుకు సగటున 11 వచ్చాయి. నేను ఆరో ఏడో అనుకున్నాను. మడపాం టోలు దాటాక ఒకటి, టైర్లకు గాలి చూసేటప్పుడు ఒకటి, ఎవరైనా తెలిసినవాడు కనిపిస్తే ఒకటి, గేటు దగ్గర టోకెను కోసం కూర్చుంటే లెక్కే లేదు.

ఒక్క టీలో ఏముందో చూడాలని మా ఊరి టీకొట్టాయన్ని అడిగాను. లీటరు పాలు, అర లీటరు నీళ్లు, 200 గ్రాముల పంచదార పోసి మరిగిస్తే ఆయన దగ్గర 17 కప్పులు వస్తాయట. అంటే కప్పుకు 12 గ్రాములు, రెండు చెంచాల పైన. పంచదారకు 48, పాలకు ముప్పై చిల్లర, మొత్తం సుమారు 80 కేలరీలు. పదకొండు కప్పులకు 880. పంచదార ఒక్కటే 132 గ్రాములు. ఇంట్లో ఎవరైనా రోజుకు అంత పంచదార గిన్నెలో వేసి తినమని ఇస్తే తింటామా?

మొదట చేసిన పని టీ పూర్తిగా మానేయడం. అది తప్పు. రెండో రోజుకు తలనొప్పి పట్టుకుంది. ఆ రాత్రి బాలేశ్వర్ దాటాక కళ్లు మూతలు పడ్డాయి. ఎదుటి బండి లైటు నా అద్దం నిండా వచ్చాక తెలివొచ్చింది. బండి పక్కన పెట్టి రెండు గంటలు పడుకున్నాను. ఏళ్ల తరబడి అలవాటైన కెఫీన్ ఒక్కసారి ఆపితే తలనొప్పి, మగత రావడం మామూలే. రాత్రి బండి నడిపేవాడు అది చేయకూడదు. తీయాల్సింది టీని కాదు, అందులోని పంచదారని.

కానీ కొట్లో పంచదార ముందే గిన్నెలో కలిపేస్తారు. 'పంచదార లేకుండా' అంటే మన మొహం చూసి నవ్వుతారు. ఇంటి నుంచి ఫ్లాస్కులో పాల టీ పట్టుకెళ్లాను. జూన్ ఎండకు, క్యాబిన్ వేడికి మధ్యాహ్నానికే వాసన వచ్చింది. రెండోసారి ఫ్లాస్కు మూతలోని రబ్బరుకు ఆ విరిగిన పాల వాసన పట్టి ఇక పోలేదు. కొత్త ఫ్లాస్కు కొని పాలు లేని అల్లం డికాక్షను పోయించాను. నిమ్మకాయ ముందే పిండితే చేదెక్కింది, అందుకని తాగేటప్పుడే పిండుతున్నాను. బెంగాల్‌లో అడుగుపెట్టాక సమస్యే లేదు. అక్కడ 'లాల్ చా, చినీ ఛాడా' అంటే పంచదార లేని ఎర్ర టీ చేతికిస్తారు.

ఇప్పుడు రోజుకు పంచదార లేనివి ఏడెనిమిది, మామూలు పాల టీలు రెండు. ఆ రెండూ ఎప్పుడో ముందే పెట్టుకున్నాను: తెల్లవారి ఒకటి, సాయంత్రం ఒకటి. ఎనిమిదో రోజుకు నాలుక అలవాటు పడింది. అంతకుముందు వారం మాత్రం కషాయం తాగినట్టే ఉంది.

రోజుకు 700 మిగిలితే 28 రోజులకు రెండున్నర కేజీలు తగ్గాలి. తగ్గింది కేజీన్నర. ఎక్కడ పోయిందా అని రెండు రోజులు పుస్తకం తిరగేశాను. పెద్ద రహస్యమేం లేదు. ఇంట్లో ఉన్నప్పుడు నేను ముందునుంచీ మూడు టీలే తాగుతాను కాబట్టి అక్కడ మిగిలేదేమీ లేదు. రోడ్డు మీది 18 రోజులకే లెక్క కడితే 12,600 కేలరీలు, అంటే 1.6 కేజీ. సరిపోయింది.

*ఏడో వారం: బరువు 89.9, నడుము 106.5. మొత్తం తగ్గింది 1.5 కేజీ, 1.5 సెంటీమీటరు.*

దశ 3: కూర మీది నూనె (వారాలు 8–12)

ధాబాలో 'నూనె తక్కువ వేయి' అని నెల రోజులు చెప్పాను. ప్రతివాడూ తలూపాడు. కూర మాత్రం అదే ఎర్రటి తేటతో వచ్చింది. ఒకరోజు వంటగది గుమ్మం దగ్గర నిలబడి చూశాను. గ్రేవీ పొద్దునే పెద్ద డేగిశాలో చేసి పెట్టుకుంటారు. మనం చెప్పాక వాళ్లు చేసేది గరిటెతో తీసి వేడి చేయడమే. నూనె అప్పటికే అందులో ఉంది, వాడు మాత్రం ఏం తగ్గిస్తాడు?

ఎంత ఉందో చూడాలని తిరుగు ట్రిప్పులో ఒక చికెన్ కూర పార్సిల్ కట్టించి ఇంటికి తెచ్చాను. డబ్బా తీసేసి తూస్తే కూర 260 గ్రాములు. గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దునకు పైన నారింజ రంగులో అట్టులా పేరుకుంది. చెంచా అంచుతో లేపితే పెంకులా వచ్చింది. వంటింటి చిన్న కాటా మీద 34 గ్రాములు. గ్రాముకు 9 లెక్కన మూడొందల కేలరీలు, ముక్కలు కాక, అన్నం కాక. మా ఆవిడ గిన్నెలోకి చూసి, "ఇది ఏటండీ, మనింట్లో రెండ్రోజుల నూనె" అంది. పామాయిల్ లాంటిదైతే ఇలా పేరుకుంటుంది. పొద్దుతిరుగుడు నూనె ఫ్రిజ్‌లోనూ గడ్డకట్టదు, దాన్ని చెంచాతో తేర్చి తీయాలి.

ఆ రోజు నుంచి ధాబాలో నా నియమం ఒక్కటే: *నేను చెప్పాక వండేదే తినాలి.* ముందే ఉడికి ఉన్నదాన్ని మార్చలేం, పెనం మీద వేయబోయేదాన్ని మార్చగలం.

1. గుడ్డు బుర్జీ మూడు గుడ్లతో, ఒక్క చెంచా నూనె. పెనం దగ్గర నిలబడి చెప్పాలి, బల్ల దగ్గర కాదు.
2. తందూరీ రొట్టెలు మూడు, పైన నెయ్యీ వెన్నా రాయకుండా. పరోటా వద్దు. ఒక్కో పరోటా రెండు రొట్టెలకు సమానం.
3. పప్పు, తాలింపు వేయకముందు తీసింది. ఒడిశా, బెంగాల్ ధాబాల్లో తడ్కా విడిగా వేస్తారు కాబట్టి ఇది అడిగితే దొరుకుతుంది.
4. పచ్చి ఉల్లి, కీరా. వీటికి చాలాచోట్ల డబ్బులే అడగరు.

అంతా కలిపి 850 దాకా వస్తుంది. పాత భోజనం, అంటే కూర, ప్లేటు అన్నం, 'ఇంకొంచెం గ్రేవీ పోయి' కలిపి, తక్కువలో తక్కువ 1,200. గుడ్లూ పప్పూ ఉండటం వల్ల రాత్రి ఒంటిగంటకు ఆకలి లేవదు. అన్నం సగం చేసి కూర అంతే తిన్న రోజుల్లో ఆ వేళకు బిస్కెట్ ప్యాకెట్ విప్పేవాణ్ణి.

ఇంటి నుంచి బయల్దేరే రోజు చోడి అంబలి సీసా పెట్టుకుంటాను, మజ్జిగ కలిపి. ఆ ఒక్క రోజుకే. రెండో రోజుకు పులిసి సీసా మూత దానంతటదే ఎగురుతుంది. నా సీటు కవరుకు తెలుసు.

*పన్నెండో వారం: బరువు 87.6, నడుము 103.5. మొత్తం 3.8 కేజీ, 4.5 సెంటీమీటర్లు.*

మధ్యలో: పస్తు, ఒక హెచ్చరిక

తొమ్మిదో వారంలో తొందరపడి పగలంతా ఏమీ తినకుండా రాత్రి పదికి ఒక్కపూట తినడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు చేశాను. నాలుగు రోజులూ రాత్రి ఆకలికి కళ్లు కనపడక పరోటాలు, కూర, పైన ఆమ్లెట్టు లాగించాను. తిన్న గంటకు స్టీరింగు మీద తల వాలుతోంది. ఆపేశాను.

నా సంగతి అలా ఉంచండి. నన్ను చూసి మా ఊరి ఇంకో డ్రైవరు, వరసకు బావ, అదే చేశాడు. ఆయనకు షుగరు ఉంది, పొద్దున మాత్ర వేసుకుంటాడు. మాత్ర వేసుకుని మధ్యాహ్నం తిండి మానేశాడు. టెక్కలి దాటాక చేతులు వణికి, చొక్కా తడిసిపోయేలా చెమట పట్టి, ఎదురుగా రోడ్డు రెండుగా కనిపించిందట. బండి పక్కకు తీయగలిగాడు, అది అదృష్టం. క్లీనరు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాడు. పావుగంటకు తేరుకున్నాడు, ముప్పావు గంట ఆగి బిస్కెట్లు తిని కదిలాడు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తే మాత్ర మోతాదు తగ్గించారు.

షుగరు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే మందు సంగతి డాక్టరుతో మాట్లాడాలి. బండిలో చేతికందేచోట పంచదార పొట్లం ఉండాలి. అన్ని షుగరు మాత్రలకూ ఇలా జరగదు. మీది ఏ రకమో మీరు ఊహించకండి.

దశ 4: కదలని కాటా (వారాలు 13–16)

87.5, 87.7, 87.4, 87.6. నడుము 103.5 దగ్గర ఆగిపోయింది. టీలు అవే, రొట్టెలు అవే.

నడక చాలట్లేదేమో అనుకున్నాను. గేటు దగ్గర లోడింగ్ కోసం ఆగినప్పుడల్లా బండి చుట్టూ తిరుగుతున్నాను అప్పటికే. టేపుతో కొలిస్తే మా బండి చుట్టూ ఒక చుట్టు 28 మీటర్లు, కాబట్టి 36 చుట్లకు ఒక కిలోమీటరు. మా క్లీనరు మొదటి రోజు చూసి, "ఏటి గురూ, బండికి దిష్టి తీస్తన్నావా?" అన్నాడు. నడకను రెట్టింపు చేశాను, 72 చుట్లు. కాటా కదల్లేదు. లెక్క వేస్తే తెలిసింది: నా బరువు మనిషికి కిలోమీటరు నడకకు ఖర్చయ్యేది 50 కేలరీల చొప్పున. ఒక్క పాల టీ అరగాలంటే 57 చుట్లు. తిన్నాక నడిస్తే కాళ్ల వాపు తగ్గింది, నడుం పట్టేయడం తగ్గింది, అందుకే మానలేదు. పొట్ట తగ్గుతుందని మాత్రం నడక మీద ఆశ పెట్టుకోలేదు.

అసలు దొంగ డాష్‌బోర్డు మీదే ఉన్నాడు. పన్నెండో వారం నుంచి బిస్కెట్లు మానేసి పలాసలో జీడిపప్పు ముక్క కొంటున్నాను. గుండు కంటే చవక, ఒంటికి మంచిదని పేరు. గేరు మార్చే చేత్తోనే నాలుగు నోట్లో వేసుకోవడం. గీత పెట్టాలని ఎప్పుడూ తోచలేదు, ఎందుకంటే అది 'తిండి' కాదు కదా. పావుకేజీ ప్యాకెట్లు ఒక ట్రిప్పుకు రెండు ఖాళీ అవుతున్నాయి. వంద గ్రాములకు 550 చొప్పున అరకేజీకి 2,750. ఆరు రోజుల మీద పంచితే రోజుకు 450. కూర మీద తీసిన నూనె అంతా ఇటు నుంచి తిరిగి ఎక్కించుకుంటున్నాను.

జీడిపప్పు చెడ్డదని కాదు. ప్యాకెట్ చేతికి అందేచోట ఉండటమే తప్పు. ఇప్పుడు వేయించిన శనగలు, అవి కూడా ఇంట్లోనే 40 గ్రాముల చొప్పున చిన్న కవర్లు కట్టించి రోజుకు ఒకటి. మిగతా కవర్లు వెనక టూల్‌బాక్సులో జాకీ పక్కన. బండి ఆపి, దిగి, తాళం తీస్తే గానీ రావు. అంత ఆకలైతే తింటాను. ఇంతవరకు రెండుసార్లే దిగాను.

దశ 5: వారాలు 17–20

దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో సిరిమాను జాతర. మా అక్క వాళ్లిల్లు అక్కడే. మూడు రోజులున్నాం, పుస్తకం తెరవలేదు. వచ్చాక కాటా 1.1 కేజీ ఎక్కువ చూపించింది. ఈసారి కంగారు పడలేదు, తర్వాతి ట్రిప్పు దిగిన మూడో రోజు దాకా ఆగాను. అందులో ముప్పాతిక వంతు నీళ్లే, పోయాయి.

*ఇరవయ్యో వారం: బరువు 86.1, నడుము 101.5. మూడో వారం నుంచి మొత్తం 5.3 కేజీ, 6.5 సెంటీమీటర్లు. 17 వారాలకు పంచితే రోజుకు 340 కేలరీల తేడా. కొత్తగా అయిన ఖర్చు: టేపు, రెండు ఫ్లాస్కులు, ఒక సీటు కవరు.*

పై అంకె రాశాక ఒక అనుమానం. ఆ వారమే కాటాలో బ్యాటరీ మార్చాను. పాత బ్యాటరీతో ఎంత చూపించేదో, కొత్తదానితో ఎంత చూపిస్తోందో పోల్చలేదు. సీలు విప్పని పది కేజీల బియ్యం సంచి పట్టుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి ఎక్కాను. తేడా 10.0 రావాలి, 9.9 వచ్చింది. సంచి గోనెతో కలిపి పదా, గోనె కాక పదా అన్నది తెలియదు కానీ ఈ మాత్రం తేడాతో నాకు పని లేదు. 86.1 అలాగే ఉంచుతున్నాను. ఎల్లుండి రాత్రికి లోడు ఉంది, శనగల కవర్లు ఆరు కట్టడం అయిపోయింది.